అద్దె ఇంట్లో గోడకు రంగు, గదికి వార్డ్‌రోబ్: "యథాస్థితికి తెస్తాము" అని యజమానికి ఎలా రాసివ్వాలి?

పద్మారావునగర్ రమణి

సభ్యులందరికీ నమస్కారం. మేము పద్మారావునగర్‌లో ఒక పాత అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో రెండు పడక గదుల ఇంట్లో అద్దెకు ఉంటున్నాము. అద్దె నెలకు 22,000 రూపాయలు. రెండు నెలల అడ్వాన్సు ఇచ్చాము. పదకొండు నెలల అగ్రిమెంటులో "గోడలకు మేకులు కొట్టరాదు" అని ఒక షరతు, "ఖాళీ చేసేటప్పుడు రంగుల నిమిత్తం ఒక నెల అద్దె అడ్వాన్సులో మినహాయించబడును" అని మరొక షరతు ఉన్నాయి. యజమాని గారు అమెరికాలో ఉంటారు; వనస్థలిపురంలో ఉండే వారి నాన్నగారు ఇంటి విషయాలు చూసుకుంటారు. అగ్రిమెంటు మీద సంతకం మాత్రం యజమానిదే.

పిల్లల గదిలో బట్టలు పెట్టుకోవడానికి అలమర గానీ అటక గానీ లేవు. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గల వార్డ్‌రోబ్ ఒకటి గోడకు బిగించుకోవాలనీ, దాని ఎదుటి గోడకు లేత ఆకుపచ్చ రంగు వేసుకోవాలనీ మా కోరిక. పెద్దాయనతో ఫోనులో ప్రస్తావిస్తే "చూద్దాంలేమ్మా, కాగితం మీద రాసి పంపండి" అన్నారు. "మా సొంత ఖర్చుతో చేయించుకుంటాము, ఖాళీ చేసేటప్పుడు యథాస్థితికి తెస్తాము" అని రెండు వాక్యాలు రాసి పెట్టుకున్నాను. ఇది సరిపోతుందా? ఇంకా ఏమైనా రాయాలా?

అంబర్‌పేట్ శ్రీధర్

రమణి గారూ, రంగుకు అనుమతి అవసరమే లేదు; రంగు కట్టడం కాదు కదా. వార్డ్‌రోబ్ సంగతి మాత్రం వేరు. గోడకు ఒకసారి మర బిగించారంటే చట్టం ప్రకారం అది ఇంటిలో భాగమై యజమాని సొత్తు అయిపోతుంది, వెళ్లేటప్పుడు మీరు తీసుకెళ్లలేరు. అందుచేత ఉత్తరాలు, సంతకాలు అని తిరగకుండా స్టీలు బీరువా ఒకటి కొనుక్కుని గోడ పక్కన నిలబెట్టుకోండి.

ఇటుకా సున్నం (సివిల్ కాంట్రాక్టర్)

ఉత్తరం సంగతి తరువాత చూద్దాం. ముందు మూడు విషయాలు పరిశీలించి చెప్పండి. మొదటిది, ఇప్పుడు గోడకున్న రంగు ఏ రకం? అరచేతిని కొద్దిగా తడిపి గోడ మీద గట్టిగా రుద్దండి. చేతికి తెల్లని పొడి అంటుకుంటే అది డిస్టెంపర్. అంటకపోతే ఎమల్షన్ అయి ఉండవచ్చు. రెండోది, వార్డ్‌రోబ్ పెట్టదలచిన గోడకు అవతల ఏముంది? మూడోది, ఆ గోడ అడుగున స్కర్టింగ్ రాయి ఎంత ఎత్తు ఉంది, గోడకంటే ఎంత ముందుకు వచ్చింది? ఈ మూడూ తెలియకుండా "యథాస్థితికి తెస్తాను" అని రాసివ్వడమంటే, ఏమి తేవాలో తెలియకుండానే మాట ఇచ్చినట్లు అవుతుంది.

మణికొండ కొత్తగా

మాకూ ఇదే సమస్య వచ్చిందండీ. మేము చేరినప్పుడు గోడలన్నీ మరకలే, పాత అద్దెవాళ్ల పిల్లల రాతలు అలాగే ఉన్నాయి. రంగు వేయించి ఇవ్వమంటే యజమాని ఒప్పుకోలేదు. చేరే ముందే రంగు వేయించి ఇవ్వడం యజమాని బాధ్యత కాదా? పాతవారి దగ్గర ఒక నెల అద్దె పట్టుకున్నది అందుకే కదా? మీరు కూడా గట్టిగా అడగండి.

పద్మారావునగర్ రమణి

మణికొండ వారూ, మా ఇంటి గోడలు శుభ్రంగానే ఉన్నాయండీ. రంగు మార్చుకుందామన్నది మా ఇష్టమే తప్ప యజమాని బాకీ పడిన పని కాదు.

కాంట్రాక్టర్ గారూ, మీరు చెప్పినట్లే చూశాను. రంగు వేయదలచిన గోడ మీద తడి చేయి రుద్దితే తెల్లని పొడి అంటింది. వార్డ్‌రోబ్ పెట్టాలనుకున్న గోడకు అవతల స్నానాల గది ఉంది. స్కర్టింగ్ నాలుగంగుళాల ఎత్తు, ఇంచుమించు అరంగుళం ముందుకు ఉంది. "స్కర్టింగ్ కొట్టేస్తేనే పెట్టె గోడకు ఆనుతుంది" అని మా కార్పెంటరు అంటున్నాడు.

ఇటుకా సున్నం (సివిల్ కాంట్రాక్టర్)

స్కర్టింగ్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ సుత్తి పడనివ్వకండి. ఈ మొత్తం వ్యవహారంలో తిరిగి తేలేనిది అదొక్కటే. పాత అపార్ట్‌మెంటులో వేసిన రాయి గానీ టైలు గానీ అదే రంగులో, అదే గీతతో ఇప్పుడు దుకాణాల్లో దొరకదు. ఆరడుగుల మేర కొత్త ముక్క వేస్తే గదిలోకి అడుగుపెట్టగానే కనిపిస్తుంది. దానికి బదులు, వార్డ్‌రోబ్ పక్క పలకల వెనక అడుగు మూలలో స్కర్టింగ్ ఎత్తుకు, మందానికి సరిపడా చిన్న గాటు తీయమని కార్పెంటరుకు చెప్పండి. పలక స్కర్టింగ్ మీదుగా వెళ్లి గోడకు ఆనుతుంది. రంపంతో తేలికగా అయ్యే పని. "రాయి కొట్టేస్తాను" అన్నవాడు శ్రమ తప్పించుకుంటున్నాడని గ్రహించండి.

ఇక అవతల స్నానాల గది ఉన్న గోడను వదిలేయండి. పాత ఇళ్లలో లోపలి అడ్డుగోడ నాలుగున్నర అంగుళాలే ఉంటుంది. నీటి గొట్టాలు అందులోనే పోతాయి. పెట్టె ముందుకు ఒరగకుండా పైన రెండు మరలు బిగించాలంటే ఆరడుగుల పైన రంధ్రం చేయాలి; అవతలి వైపు గీజరు గొట్టాలు ఉండేది సరిగ్గా ఆ ఎత్తులోనే. డ్రిల్లు గొట్టానికి తగిలితే స్నానాల గది టైల్సు పగలగొట్టి బాగు చేయవలసి వస్తుంది. అది జరగకపోయినా, ఆ గోడకు చెమ్మ ఉంటే పెట్టె వెనుక గాలి ఆడక బూజు పడుతుంది, రంగు పొక్కులు లేస్తుంది. ఖాళీ చేసిన రోజున పెట్టె తీస్తే కనబడే ఆ చెమ్మ మీ వల్లనే వచ్చిందని యజమాని అంటారు. ఇప్పుడే ఆ గోడ అడుగుభాగాన్ని దగ్గరగా చూడండి. స్కర్టింగ్‌కు కాస్త పైన తెల్లటి ఉప్పుపొర గానీ పొక్కులు గానీ ఉంటే ఫోటో తీసి యజమానికి ఇప్పుడే పంపండి.

రంగు విషయంలో ఇంకొక చిక్కు ఉంది. డిస్టెంపర్ మీద నేరుగా ఎమల్షన్ వేస్తే కొంత కాలానికి పొరలుగా లేచి వస్తుంది, ఎందుకంటే కొత్త రంగు గోడను కాక ఆ పొడిని పట్టుకుని ఉంటుంది. పాత పొరను పూర్తిగా గీకి, గరుకు కాగితం పట్టి, ప్రైమర్ వేసి, ఆ తరువాతే ఎమల్షన్ వేయాలి. అలా గీకేశాక ఆ గోడ మళ్లీ పాత డిస్టెంపర్ గోడ కాదు. కనుక మీ ఉత్తరంలో "యథాస్థితి" అని ఊరుకోకుండా "తెల్ల రంగు ఎమల్షన్‌తో" అని స్పష్టంగా రాయండి. యజమానికి అది మునుపటికంటే మేలైన గోడే కాబట్టి అభ్యంతరం ఉండకపోవచ్చు.

వకీలు సలహా

శ్రీధర్ గారు చెప్పిన రెండు మాటలనూ సవరించవలసి ఉంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 108వ సెక్షను, అగ్రిమెంటులో వేరే షరతు గానీ స్థానిక ఆచారం గానీ అడ్డురానప్పుడు, అద్దెదారు తాను బిగించిన వస్తువులను తీసుకుపోవచ్చనే చెబుతుంది. అయితే దానికి రెండు హద్దులు పెట్టింది. ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంత వరకే తీయాలి, ఆ తరువాత కాదు. తీశాక ఇంటిని తాను తీసుకున్న స్థితిలో అప్పగించాలి. కాబట్టి "తాళాలు ఇచ్చేశాము, వచ్చే ఆదివారం వచ్చి వార్డ్‌రోబ్ తీసుకెళ్తాము" అనే మాట చెల్లదు. తాళాలు ఇవ్వకముందే అది బయటకు రావాలి. యజమాని అంగీకారం లేకుండా శాశ్వత కట్టడం చేయరాదన్న నిబంధనా అదే సెక్షనులో ఉంది. మరలతో నిలిపి, విప్పి తీసుకెళ్లగల పెట్టెను శాశ్వత కట్టడమని వాదించడం కష్టం. గోడలోకి సిమెంటుతో కట్టేసిన అలమర అయితే కథ వేరు.

రంగుకు అనుమతి అక్కరలేదన్నది కూడా సరికాదు. సహజమైన అరుగుదలను మినహాయించి, ఇంటిని తీసుకున్నప్పటి మంచి స్థితిలోనే తిరిగి ఇవ్వాలని అదే సెక్షను అంటుంది. మీరు కావాలని మార్చిన రంగు సహజమైన అరుగుదల కిందికి రాదు. పైగా మీ అగ్రిమెంటులో మేకుల షరతు ఉంది కాబట్టి, ఆ రెండు మరల రంధ్రాలకు కూడా లిఖితపూర్వకమైన మినహాయింపు కావాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది వేరొకటి. మీ అగ్రిమెంటు ప్రకారం రంగుల కోసం ఒక నెల అద్దె ఎలాగూ పోతుంది. మళ్లీ మీరు విడిగా "మా ఖర్చుతో రంగు వేయించి ఇస్తాము" అని రాసిస్తే ఒకే గోడకు రెండుసార్లు డబ్బు కట్టినట్లే. ఈ రెండు వాగ్దానాలూ ఒకదానితో ఒకటి ఎలా సర్దుకుంటాయో ఉత్తరంలోనే తేల్చుకోవాలి. నా దగ్గరకు వచ్చే అడ్వాన్సు తగాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్లనే వస్తున్నాయి.

ఇంకొక్క మాట. పెద్దాయన మంచివారే కావచ్చు, కానీ యజమాని తన తరఫున వ్యవహరించే అధికారమిస్తూ ఆయన పేరు మీద జీపీఏ రాసివ్వకపోతే ఆయన సరేననడం యజమాని అనుమతి కాదు. ఉత్తరం అగ్రిమెంటు మీద సంతకం చేసిన వ్యక్తికే వెళ్లాలి, జవాబు కూడా ఆయన ఈమెయిలు నుంచో వాట్సాప్ నంబరు నుంచో రావాలి. పదకొండు నెలలకు అగ్రిమెంటు తిరిగి రాసుకున్నప్పుడల్లా "ఫలానా తేదీ నాటి అనుమతి కొనసాగును" అని ఒక వాక్యం చేర్పించుకోండి.

కొత్తపేట ఇంటి యజమాని

నేను అవతలి పక్షం మాట కూడా చెబుతాను. మాకు రెండు వాటాలు అద్దెకు ఉన్నాయి. రంగు వేసుకుంటామని అడిగితే నాకు రంగు మీద భయం ఉండదు. ఆఖరి రోజు మీద భయం. అద్దెదారు సామాను లారీకి ఎక్కిస్తూ, రంధ్రాల్లో తెల్ల సిమెంటు నొక్కి, వాటి మీద అరచేయంత మేర తెల్ల రంగు పూసి, "అంతా చేసేశామండీ" అంటారు. ఏళ్ల తరబడి పసుపు తిరిగిన తెలుపు మీద కొత్త తెలుపు మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. కొత్తగా చూడడానికి వచ్చినవారికి ఆ గోడ పాడైన గోడలాగే ఉంటుంది. కాబట్టి రంధ్రం ఒక్కటే అయినా సరే, గోడను ఈ మూల నుంచి ఆ మూల దాకా పూర్తిగా వేయిస్తామని రాయండి. పని ఖాళీ చేయడానికి పది రోజుల ముందే పూర్తి చేసి మమ్మల్ని పిలిచి చూపిస్తామని కూడా రాయండి. ఆ రెండు వాక్యాలు ఉంటే నేనైతే వెంటనే సరే అంటాను.

వకీలు గారి మాటతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను. నెల అద్దె మినహాయింపు ఇల్లు మామూలుగా వాడినందుకు. ఆకుపచ్చను దాచడానికి అదనంగా పట్టే ప్రైమర్, అదనపు కోటు ఆ డబ్బులోంచి ఎందుకు రావాలి?

ఇటుకా సున్నం (సివిల్ కాంట్రాక్టర్)

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టి లెక్క వేసి చూద్దాం. గది పది అడుగులకు పదకొండు, ఎత్తు తొమ్మిదిన్నర అనుకుందాం. నాలుగు గోడలు కలిపి దాదాపు 400 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే 360. రంగు మార్చే పదకొండు అడుగుల గోడ 105 చదరపు అడుగుల లోపే. ఇల్లంతటి గోడల్లో అది చిన్న వాటా. పెయింటరు ఎలాగూ ఇల్లంతా తెలుపు రెండు కోట్లు వేస్తాడు. ఆ 105 అడుగుల మేర మీ రంగు వల్ల పెరిగే పని, లేత ఆకుపచ్చ అయితే ఒక కోటు తెల్ల ప్రైమర్ మాత్రమే. ముదురు ఆకుపచ్చో, ముదురు నీలమో అయితే ప్రైమర్‌తో పాటు తెలుపు మూడో కోటు కూడా పడుతుంది, ఒక్కోసారి అప్పటికీ లోపలి రంగు నీడలా కనిపిస్తుంది. లేత రంగు ఎంచుకోవడం మీ చేతిలో ఉన్న పెద్ద సౌకర్యం.

కాబట్టి నా సలహా ఇది. ఖాళీ చేసే ముందు ఆ గోడకు రంధ్రాలు పూడ్చి, మూల నుంచి మూల దాకా ఒక కోటు తెల్ల ప్రైమర్ మీరు వేయించండి. పై రెండు కోట్లు మినహాయించుకున్న నెల అద్దెతో యజమాని వేయించుకోవాలి. అప్పుడు అదనపు భారం మీది, మామూలు భారం ముందే ఒప్పుకున్నది. ఎవరూ రెండుసార్లు కట్టనవసరం లేదు.

కొత్తపేట ఇంటి యజమాని

ప్రైమర్ మాత్రమే ఉన్న గోడను కొత్తవారికి చూపించలేము కదండీ. మీరు ఇల్లు ఖాళీ చేయకముందే చూడడానికి వస్తారు.

అంబర్‌పేట్ శ్రీధర్

చట్టం గురించి వకీలు గారు చెప్పినది ఒప్పుకుంటాను. అయినా ఇంత రాతకోత పెడితే పెద్దాయన బెదిరిపోయి అసలుకే వద్దంటారేమోనన్నది నా సందేహం. మన ఊళ్లో ఇల్లు మాట మీద నడుస్తుంది.

వకీలు సలహా

మాట మీద నడవడానికి మాట ఇచ్చినవారు ఊళ్లో ఉండాలి. ఇక్కడ మాట ఇవ్వవలసినవారు అమెరికాలో ఉన్నారు, మధ్యలో వారు ఇల్లు అమ్మితే కొత్త యజమాని చేతికి వచ్చేది కాగితమే. ఉత్తరం ఒక పేజీ దాటకుండా ఉంటే ఎవరూ బెదరరు.

పద్మారావునగర్ రమణి

అందరి సలహాలూ కలిపి ఉత్తరాన్ని తిరిగి రాశాను. తప్పులుంటే చెప్పండి.

"గౌరవనీయులైన యజమాని గారికి, నమస్కారములు. మీ ఇంటిలోని చిన్న పడక గదిలో మేము రెండు పనులు మా సొంత ఖర్చుతో చేయించుకోవడానికి మీ అనుమతి కోరుతున్నాము. ఒకటి, కిటికీ ఎదుటి గోడకు జత చేసిన నమూనాలోని లేత ఆకుపచ్చ రంగు ఎమల్షన్. ఇప్పుడున్నది డిస్టెంపర్ కనుక దానిని గీకి, ప్రైమర్ వేసిన తరువాతే రంగు వేయిస్తాము. రెండు, తలుపు పక్కనున్న గోడకు ఆనించి, ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గల, విప్పి తిరిగి బిగించుకోగల వార్డ్‌రోబ్. దానిని గోడకు పైభాగంలో రెండు మరలతో మాత్రమే బిగిస్తాము. మేకులకు సంబంధించిన షరతు నుంచి ఈ రెండు రంధ్రాలకు మినహాయింపు కోరుతున్నాము. స్కర్టింగ్‌ను, నేలను, విద్యుత్ బోర్డులను ముట్టుకోము. ఇప్పటి స్థితిని తెలిపే ఫోటోలు జతపరుస్తున్నాము.

ఇల్లు ఖాళీ చేయడానికి పది రోజుల ముందే, తాళాలు మా వద్ద ఉండగానే, వార్డ్‌రోబ్ విప్పి, రంధ్రాలు పూడ్చి, ఆ రెండు గోడలనూ మూల నుంచి మూల దాకా తెల్ల ప్రైమర్‌తో సిద్ధం చేసి మీకు గానీ నాన్నగారికి గానీ చూపిస్తాము. ఆపై వేయవలసిన తెల్ల రంగు, అగ్రిమెంటు ప్రకారం రంగుల నిమిత్తం మినహాయించే ఒక నెల అద్దెలోనే కలిసి ఉంటుందని, దీనికై వేరే మినహాయింపు ఉండదని మేము అర్థం చేసుకున్నాము. వార్డ్‌రోబ్‌ను మీరు ఉంచుకోదలిస్తే అప్పటికి ఇద్దరికీ అంగీకారమైన ధరకు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు. మీ అంగీకారాన్ని జవాబుగా తెలుపగలరు."

ఇటుకా సున్నం (సివిల్ కాంట్రాక్టర్)

బాగుంది. ఒక్క చేర్పు: ఫోటోల్లో గది మొత్తం ఒకటి సరిపోదు. స్కర్టింగ్ వెంబడి గోడ అడుగును, మరలు బిగించే చోటును, స్విచ్ బోర్డు చుట్టూ ఉన్న అంచులను దగ్గరగా తీయండి. తగాదా వచ్చేది ఆ మూడు చోట్లే.

వకీలు సలహా

"అర్థం చేసుకున్నాము" అన్న చోట "కోరుతున్నాము" అని మార్చండి. మీరు అర్థం చేసుకున్నది ఆయనకు కట్టుబాటు కాదు. మీరు కోరి, ఆయన ఒప్పుకున్నది అవుతుంది.

పద్మారావునగర్ రమణి

మార్చి పంపాను. యజమాని గారి నుంచి ఈమెయిలు వచ్చింది. వార్డ్‌రోబ్‌కు, రెండు మరలకు పూర్తిగా సమ్మతించారు. స్కర్టింగ్ ముట్టుకోమన్న వాక్యం వారి నాన్నగారికి బాగా నచ్చిందట. రంగు విషయంలో మాత్రం "ప్రైమర్ దగ్గర ఆపకుండా పై కోట్లు కూడా మీరే వేయించండి, అలా చేస్తే నెల అద్దె మినహాయింపులో కొంత తగ్గిస్తాను" అన్నారు. ఎంత తగ్గిస్తారో రాయలేదు. కొత్తపేట వారు ముందే చెప్పిన అభ్యంతరమే ఇది.

కొత్తపేట ఇంటి యజమాని

ఆయన అడిగినది సమంజసమే. "కొంత" అన్న చోట ఒక అంకె వేయించుకోండి, చాలు.

వకీలు సలహా

అంకె కంటే నెల అద్దెలో సగమో, మూడో వంతో అని వేయించుకోవడం మేలు. రెండేళ్ల తరువాత ఖాళీ చేస్తే అద్దె కూడా మారి ఉంటుంది, కూలి కూడా మారి ఉంటుంది.

ఇటుకా సున్నం (సివిల్ కాంట్రాక్టర్)

నా లెక్క ప్రకారం రెండు గోడలకు సగం నెల అద్దె తగ్గించమనడం ఎక్కువే అవుతుంది, ఆయన ఒప్పుకోరు. పిల్లల గది మొత్తం మీరే తెలుపు వేయించి ఇస్తామని చెప్పి, మూడో వంతు అడిగి చూడండి. రెండు గోడలు కొత్త తెలుపు, రెండు గోడలు పాత తెలుపు అయితే ఎలాగూ పొసగదు. జవాబు వచ్చేదాకా రంగు పని ఆపి, వార్డ్‌రోబ్ మాత్రం మొదలుపెట్టించండి. దానికి అనుమతి వచ్చేసింది కదా.

పద్మారావునగర్ రమణి

అలాగేనండీ. మూడో వంతు అని రాసి ఈ రోజే పంపుతున్నాను. పలకల అడుగు మూలలో గాటు తీయడానికి కార్పెంటరు ఒప్పుకున్నాడు.